నెలసరి కాని నెత్తురు

ఆమెకు 29 ఏళ్ళు. కడియం నర్సరీల్లో పనికి వెళ్ళేది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపడం, మొక్కలు మార్చి నాటడం, లారీ వచ్చిన రోజున కుండీలు ఎత్తి అందించడం ఆమె పని. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పుట్టిన కాన్పులోనే, ఇంటికి రాకముందే పిల్లల ఆపరేషన్ చేయించుకుంది. ఆ తర్వాత ఆరేళ్ళకు, పూలమొక్కల గిరాకీ ముమ్మరంగా ఉన్న మార్గశిరంలో, ఒక తెల్లవారుజామున 108 బండిలో రాజమండ్రి వెళ్ళింది. మధ్యాహ్నం కాకముందే చనిపోయింది. పోయేనాటికి ఆమె గర్భవతి. ఆ సంగతి ఆమెకూ తెలియదు, ఆమె భర్తకూ తెలియదు. చివరి గంట వరకూ ఆ ఇంట్లో ఎవరూ అలా జరగవచ్చని ఊహించనైనా ఊహించలేదు.

నాకు వదిన వరస అవుతుంది కాబట్టి వదిన అనే రాస్తాను. పేరూ ఊరూ చెప్పను. పిల్లలు ఇంకా బడికి వెళ్తున్నారు. ఆమె కథను ఇంట్లోవాళ్ళ మాటల్లోనూ ఆసుపత్రి కాగితాల్లోనూ ఏరుకుని మొదటి నుంచి కూర్చుకుంటే, ఒకటి మాత్రం బాగా తెలిసివచ్చింది. ఆమెను దూరం చంపలేదు. నది అడ్డుపడలేదు. ఊరి నుంచి పెద్దాసుపత్రికి తిన్నటి రోడ్డుంది. రోగం కూడా ఒక్కరోజులో వచ్చి మీద పడలేదు. పది రోజుల పాటు ఆనవాళ్ళు ఒకటొకటిగా బయటపెడుతూనే ఉంది. వాటిలో ప్రతిదానికీ ఆ ఇంట్లో ఒక మామూలు కారణం దొరికింది.

మొదటి ఆనవాలు ఆలస్యం. వదినకు నెల తప్పకుండా 28, 29 రోజులకు నెలసరి వచ్చేది. నాలుగు రోజులుండేది. ముందు రోజు నడుము లాగేది, రెండో రోజున ఎర్రగా, ఎక్కువగా పోయేది, నాలుగో రోజుకు తగ్గి ఆగిపోయేది. కార్తీకం చివర మాత్రం తొమ్మిది రోజులు ఆలస్యమైంది. తర్వాత కొంచెం కనబడింది. అత్తగారు అడిగింది: "ఏమ్మా, బయట చేరావా?" "చేరానత్తయ్యా, ఈసారి ఆలస్యమైంది. చలికి, పనికి అలా అయి ఉంటుంది." అంతటితో ఆ మాట ముగిసింది. అప్పటికి ఆమె శరీరంలో గర్భం ఐదు వారాలు దాటింది. వైద్యులు గర్భం వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి, నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు పూర్తయినట్టు.

వచ్చింది నెలసరి కాదని ఆ రక్తమే చెప్పింది. ఎర్రగా లేదు, ఎండిన నెత్తురులా ముదురు గోధుమరంగులో, పలచగా ఉంది. రోజంతటికీ ఒక గుడ్డ మీద మరకగా మాత్రమే పడింది. రెండో రోజుకు పెరగాల్సింది పెరగలేదు. మూడో రోజున ఆగింది, ఐదో రోజున మళ్ళీ కనబడింది. ఆడవాళ్ళకు తమ నెలసరి నడక బాగా తెలుసు: ఎప్పుడు వస్తుంది, ఏ రంగులో మొదలవుతుంది, ఏ రోజున ఎక్కువ, ఏ రోజుకు ముగుస్తుంది. ఆ నడక తప్పి, ఆలస్యంగా వచ్చి, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి కనబడే రక్తాన్ని నెలసరిగా లెక్కవేయకూడదు. గర్భం ఉందో లేదో తేలేవరకూ దాన్ని గర్భంలో వచ్చిన రక్తమనే అనుకోవాలి. రంగును బట్టి మాత్రమే తీర్పు చెప్పలేం. కొందరికి ఇదే స్థితిలో ఎర్రగానే వస్తుంది, మామూలు నెలసరి అంత కూడా వస్తుంది. అందుకే రంగుకన్నా ఆలస్యానికీ, తీరు మారడానికీ ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఆ రక్తం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది. వదిన గర్భసంచిలో బిడ్డ లేదు. గర్భం ఫెలోపియన్ ట్యూబులో, గర్భసంచికీ అండాశయానికీ నడుమ ఉన్న సన్నని నాళంలో నిలిచింది. దాన్నే డాక్టర్లు ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. గర్భం ఎక్కడ నిలిచినా, దాని నుంచి వచ్చే హార్మోను వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా, మెత్తగా పెరుగుతుంది. ట్యూబులోని గర్భం సరిగా పెరగలేదు కాబట్టి హార్మోను చాలదు. ఆ పొర నిలదొక్కుకోలేక కొంచెం కొంచెంగా ఊడి కిందికి వస్తుంది. గుడ్డ మీద కనబడింది అదే. ఒక్కోసారి ఆ పొర ముక్కగా ఊడి పడితే, గర్భం పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అసలు ప్రమాదం మాత్రం ట్యూబు గోడలో ఉంది. అక్కడ కారే రక్తం కిందికి రాదు, పొట్టలోకి పోతుంది. బయట కనబడేదాన్ని చూసి లోపల పోయేది ఎంతో చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఆపరేషన్ అయ్యాక గర్భం ఎలా వచ్చింది? ఆ ఇల్లంతా అడిగిన ప్రశ్న ఇదే. మన జిల్లాల్లో దీన్ని అడగాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన, సంతాన వయసులో ఉన్న ఆడవాళ్ళలో 100కి దాదాపు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఎక్కువమంది పాతికేళ్ళు నిండకుండానే చేయించుకుంటారు. అంటే ఇంకా ఇరవై ఏళ్ళపాటు వాళ్ళకు అండం విడుదలవుతూనే ఉంటుంది. ఆపరేషన్‌లో ట్యూబును మడతలా పైకెత్తి, దారంతో కట్టి, మడతను కోసేస్తారు. దారం కొన్నాళ్ళకు కరిగిపోతుంది, తెగిన కొసలు ఎడమై మూసుకుపోతాయి. అరుదుగా మూసుకున్న చోట సన్నని దారి ఏర్పడుతుంది, లేదా రెండు కొసలూ మళ్ళీ అతుక్కుంటాయి. వీర్యకణం ఆ దారిలో పట్టేంత చిన్నది, అండాన్ని చేరుతుంది. ఫలించిన అండం మాత్రం అంత ఇరుకు దారిలో వెనక్కి రాలేక అక్కడే నాటుకుంటుంది.

అమెరికాలో ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న పదివేలమందికి పైగా ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1996, 1997ల్లో ప్రచురించిన ఫలితాల్లో, పదేళ్ళలో వెయ్యిమందికి సుమారు 18 మందికి గర్భం వచ్చినట్టు తేలింది. అలా వచ్చిన గర్భాల్లో మూడింట ఒకటి ట్యూబులోనే. మామూలుగా వందలో ఒకటి రెండు గర్భాలు మాత్రమే గర్భసంచి బయట నిలుస్తాయి. ఆపరేషన్ చెడ్డదని నేను అనను. చాలామందికి అది సజావుగానే పనిచేస్తుంది. కానీ ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే, దాన్ని ముందుగా ట్యూబులో వెతకాలి. "ఆపరేషన్ అయిందిగా" అన్న మాట డాక్టరును ఆ దారిలోకి మళ్ళించాల్సింది పోయి, వదిన ఇంట్లో ప్రతిసారీ దాన్ని మూసేసింది.

వదిన సంతకం పెట్టిన కాగితంలోనే ఆ సంగతి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్‌కు ముందు ఒక అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటారు. ఆపరేషన్ విఫలమయ్యే అవకాశం కొద్దిగా ఉందనీ, నెల తప్పితే రెండు వారాల్లోగా డాక్టరు దగ్గరకు రావాలనీ అందులో ఉంటుంది. ఆమె చదువు ఎనిమిదో తరగతి; చదివి అర్థం చేసుకోగలిగిన మనిషే. కానీ కాన్పు అయిన మూడో రోజున, పక్కన పసివాడు ఏడుస్తుండగా, నర్సు వేలు చూపిన చోట పేరు రాయడమే తప్ప దాన్ని చదవమని ఎవరూ చెప్పలేదు, చదివి వినిపించనూ లేదు. ఆ ఒక్క వాక్యం ఆమె చెవిన పడి ఉంటే, తొమ్మిది రోజుల ఆలస్యాన్ని చలి మీదకు నెట్టేది కాదు.

రక్తం కనబడిన నాలుగో రోజు నుంచి ఎడమవైపు పొత్తికడుపులో గుచ్చినట్టు నొప్పి మొదలైంది. ఎప్పుడూ ఉండేది కాదు. వంగి కుండీ ఎత్తినప్పుడు పట్టేసేది, కూర్చుంటే సర్దుకునేది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన దగ్గరకు వెళ్తే గ్యాస్ అన్నాడు, ఇంజెక్షన్ చేశాడు, మాత్రలు ఇచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్నల్లో నెలసరి గురించి ఒక్కటి కూడా లేదు. రెండు రోజుల తర్వాత మెడికల్ షాపులో రక్తం ఆగడానికి మాత్రలు కొన్నారు. రక్తం తగ్గింది, కాబట్టి మందు పనిచేసిందనుకున్నారు. తగ్గింది ఒక ఆనవాలు మాత్రమే. నిజానికి ఆ వారంలో ఏ రోజున అయినా ఒక్క మూత్రపరీక్ష చేసి ఉంటే కథ మారిపోయేది. మెడికల్ షాపులో యాభై అరవై రూపాయలకు ఆ కిట్టు దొరుకుతుంది. ఆశా కార్యకర్తల ద్వారా ప్రభుత్వం ఉచితంగానూ ఇస్తుంది. కానీ వదిన పేరు ఆశా రిజిస్టరులో గర్భిణిగా లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆపరేషన్ అయినవాళ్ళ ఇంటికి ఆ కిట్టు పట్టుకుని ఎవరు వెళ్తారు?

పదో రోజు సాయంత్రం నర్సరీలో లారీ లోడు ఉంది. దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళి, ఒక్క కేక వేసి గోడకు జారగిలబడింది. కత్తితో కోసినట్టు ఉందని చెప్పిందట. ముఖాన చెమట. రెండు నిమిషాలు స్పృహ లేదు. నీళ్ళు చల్లితే లేచింది. తర్వాత ఆమె చెప్పిన బాధలు మూడు. కడుపంతా నొప్పి. విరేచనానికి వెళ్ళాలనిపించడం, వెళ్తే ఏమీ రాకపోవడం. కుడి భుజం కొసన పోటు. కడుపునొప్పి తిన్నది పడక అన్నారు. విరేచనం సంగతి దానికి సాక్ష్యంగా నిలిచింది. భుజం నొప్పి కుండీలు మోయడం వల్ల అన్నారు. అత్తగారు బామ్ రాసి పట్టింది.

ఆ మూడు బాధలకూ కారణం ఒకటే. ట్యూబు పగిలింది. పొట్టలోకి చిమ్మిన రక్తం గర్భసంచి వెనకాల, పురీషనాళం ముందున్న లోతైన చోట చేరి, విరేచనానికి వచ్చినట్టు ఒత్తిడి కలిగించింది. పడుకోగానే ఆ రక్తం పైకి పాకి, ఊపిరితిత్తుల కింద అడ్డుగా ఉండే కండర పొరను తాకింది. ఆ పొరకూ భుజం కొసకూ స్పర్శ అందించే నరాలు మెడలో ఒకే చోట పుడతాయి, అందుకే పొట్టలో రక్తం చేరితే భుజం కొస నొప్పి పుడుతుంది. బరువు మోసిన భుజం చెయ్యి కదిపితే ఎక్కువ నొప్పి పెడుతుంది. ఈ నొప్పి చెయ్యి కదిపినా మారదు, పడుకుంటే పెరుగుతుంది, లేచి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. ఆ రాత్రి వదిన పడుకోలేక గోడకానుకుని కూర్చున్నది అందుకే. నెల తప్పిన మనిషి, లేదా తేడాగా రక్తం కనబడుతున్న మనిషి కడుపునొప్పితో పాటు భుజం కొస నొప్పి అందంటే, కళ్ళు తిరిగి పడిందంటే, మరో ఆనవాలు కోసం ఎదురుచూడకూడదు.

రాత్రి పది తర్వాత నొప్పి తగ్గింది. ఈ కథలో నన్ను ఇప్పటికీ కలచివేసేది ఇదే. పగలబోయే ముందు ట్యూబు సాగి బిగుసుకోవడం వల్ల పుట్టే నొప్పి, పగిలాక కొంతసేపు సడలుతుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. "తగ్గిందత్తయ్యా, మీరు పడుకోండి" అని ఆమే చెప్పిందట. అప్పటినుంచి నొప్పికి బదులు వేరే లక్షణాలు వచ్చాయి: దాహం, ఆవులింతలు, చల్లబడిన చేతులు, లేచి నిలబడితే కళ్ళు బైర్లు. 45 కిలోల ఆడమనిషి ఒంట్లో సుమారు మూడు లీటర్ల రక్తం ఉంటుంది. వయసులో ఉన్న గుండె, పోయినదాన్ని మరిపించడానికి వేగంగా కొట్టుకుంటుంది. దాదాపు మూడో వంతు రక్తం పోయేవరకూ పడుకున్న మనిషి రక్తపోటు పెద్దగా పడిపోకపోవచ్చు. ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు ముందే రక్తహీనత. వాళ్ళకు పోగొట్టుకోవడానికి ఉన్నదే తక్కువ. ఆ రాత్రి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టగలిగిన మనిషి ఆ ఇంట్లో ఉంటే, నిమిషానికి నూరు దాటిన వేగం చాలు భయపడటానికి.

నాలుగు గంటలప్పుడు మంచం మీదినుంచి లేవబోయి మళ్ళీ పడింది. అప్పుడు 108కి ఫోన్ చేశారు. బండి ఆలస్యం కాలేదు, అందులోనే సెలైన్ పెట్టారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ముందు కళ్ళ రెప్ప కింద, నాలుక మీద చూసింది, తెల్లగా ఉన్నాయి. నాడి 140. రక్తపోటు అందలేదు. పొట్ట ఉబ్బి, ముట్టుకుంటే గట్టిగా ఉంది. "నెల ఎప్పుడు వచ్చిందమ్మా?" అని అడిగితే భర్త జవాబు చెప్పాడు: "ఆపరేషన్ అయిపోయిందండి డాక్టరుగారూ. ఆరేళ్ళయిందండి, ఆయ్." ఆ డాక్టరమ్మ ఆ మాట దగ్గర ఆగలేదు. మూత్రం గొట్టంతో తీసి పరీక్ష చేయించింది, రెండు గీతలు. స్కాన్‌లో గర్భసంచి ఖాళీ, పొట్ట నిండా ద్రవం. ఆ రెండు సంగతులూ ఒకచోట చేరితే ఇంకో ఆలోచన అక్కరలేదు. రక్తం గ్రూపు చూసి, రక్తనిధికి పంపి, థియేటరుకు తీసుకెళ్ళారు. ఆసుపత్రి గుమ్మం దాటిన దగ్గర నుంచి థియేటరు దాకా పట్టిన సమయం గంటకు కొంచెం పైన. అంతకన్నా త్వరగా ఎవరూ చేయలేరని నా నమ్మకం.

పొట్ట తెరిస్తే రెండు లీటర్లకు పైగా రక్తం, గడ్డలు గడ్డలుగా. ఎడమ ట్యూబు, ఆరేళ్ళ క్రితం కట్టిన చోటికి కాస్త అవతల, పగిలి ఉంది. పగులు చిటికెన వేలి గోరంత. క్లాంపు వేసి, ట్యూబు తీసేశారు. రక్తస్రావం ఆగింది. కానీ అప్పటికే గుండె అలసిపోయింది, ఎక్కించిన రక్తం గడ్డకట్టే గుణాన్ని తిరిగి తేలేకపోయింది. రెండుసార్లు గుండె ఆగింది. రెండోసారి తిరిగి రాలేదు. బయట బెంచీ మీద ఆమె భర్త, చేతిలో ఆమె చీర మడత పెట్టుకుని, రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ వాళ్ళకు కృతజ్ఞత చెప్పాలని.

ఆ రక్తస్రావాన్ని ఆపడానికి కావలసిన పని ఎంత చిన్నదో 140 ఏళ్ళ క్రితమే ఒక డాక్టరు, తన కళ్ళ ముందు ఒక ప్రాణం పోయాక తెలుసుకున్నాడు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ సర్జను లాసన్ టెయిట్ దగ్గరకు 1881లో ఒక సాటి డాక్టరు ట్యూబు పగిలిన మనిషిని చూడమని పిలుచుకెళ్ళాడు. పొట్ట కోసి పగిలిన ట్యూబును కట్టేయమని ఆయనే సలహా ఇచ్చాడు. టెయిట్ ధైర్యం చేయలేదు. ఆమె చనిపోయింది. తర్వాత శవపరీక్షలో చూస్తే, పగిలిన చోట ఒక్క దారం కట్టి ఉంటే రక్తం ఆగిపోయేదని ఆయనకు అర్థమైంది. 1883లో ధైర్యం చేశాడు. మొదట ఆపరేషన్ చేసిన ఆమె దక్కలేదు, ఆ తర్వాత చేసిన మరొకామె బతికింది. అప్పటినుంచి వైద్యులకు చేయాల్సింది ఏమిటో తెలుసు. ఇప్పుడు మనుషులు పోతున్నది సర్జన్లకు చేతకాక కాదు, సర్జను దగ్గరకు చేరేసరికి రక్తం అయిపోయి ఉండటం వల్ల.

నెల తొమ్మిది రోజులు ఆలస్యమైన ఆ రోజునే వదిన వెళ్ళి ఉంటే ఏం జరిగేదో కూడా చెప్పాలి, ఎందుకంటే పోగొట్టుకున్నది ఎంతో అప్పుడే తెలుస్తుంది. మూత్రపరీక్షలో రెండు గీతలు వచ్చేవి. యోని ద్వారా చేసే స్కాన్‌లో గర్భసంచిలో గర్భం కనబడకపోవడం, ట్యూబు పక్కన చిన్న గడ్డ కనబడటం జరిగేవి. ఒక్కోసారి మొదటి స్కాన్‌లో ఏమీ తేలదు. అప్పుడు బీటా హెచ్‌సీజీ అనే రక్తపరీక్ష చేసి, 48 గంటల తర్వాత మళ్ళీ చేస్తారు. మంచి గర్భంలో ఆ అంకె రెండు రోజుల్లో సగానికన్నా ఎక్కువగా పెరుగుతుంది. ట్యూబు గర్భంలో సాధారణంగా నత్తనడకన పెరుగుతుంది, లేదా నిలిచిపోతుంది, కొంచెం తగ్గుతుంది. ఆ దశలో ట్యూబు పగలకుండా, గడ్డ చిన్నదిగా, గుండె చప్పుడు లేకుండా ఉంటే మెథోట్రెక్సేట్ అనే ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గిపోతుంది. ఆ మందు వేసుకున్నవాళ్ళు నాలుగో రోజునా ఏడో రోజునా రక్తపరీక్షకు రావాలి. ఆ నడుమ అంకె కనీసం 15 శాతం తగ్గాలి. ఐరన్‌తో ఇచ్చే ఫోలిక్ మాత్రలు ఆపేయాలి, ఎందుకంటే అవి ఈ మందు పనిని అడ్డుకుంటాయి. ఇంజెక్షన్ తర్వాత కూడా ట్యూబు పగలవచ్చు. నొప్పి పెరిగితే ఆ రాత్రే వెళ్ళాలి. ఇంజెక్షన్ పనికిరాని కేసులో చిన్న రంధ్రాల ద్వారా ట్యూబు తీసేస్తారు. ఆమె ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేది.

ఇది చదివి గర్భంలో రక్తం చుక్క కనబడిన ప్రతివాళ్ళూ గుండె జారవిడుచుకోనక్కరలేదు. మొదటి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి కొంత రక్తం కనబడుతుంది. వాళ్ళలో సగానికి పైగా మందికి గర్భం నిలిచి బిడ్డ పుడుతుంది. గర్భస్రావం అయితే పొత్తికడుపు నడిమధ్యన, పురిటినొప్పిలా వచ్చి పోయే నొప్పి ఉంటుంది. రక్తం ఎర్రగా, గడ్డలతో, నెలసరి కన్నా ఎక్కువగా పోతుంది, మనిషి నీరసపడితే అది బయటికి పోయిన రక్తంతో సరిపోలుతుంది. ట్యూబు గర్భంలో ఆ పొంతన కుదరదు. బయట గుడ్డ మీద మరకే, మనిషి మాత్రం పాలిపోయి ఉంటుంది. ఎంత రక్తం పోయిందో చూసి భయపడటం కన్నా, మనిషి తీరుకూ రక్తానికీ పొంతన లేకపోతే భయపడటం మంచిది. ట్యూబులో గర్భం ఎవరికైనా రావచ్చు. కాపర్ టీ ఉండగా గర్భం వస్తే, ఇంతకు ముందు ట్యూబులో గర్భం వచ్చి ఉంటే, పొత్తికడుపులో ఇన్ఫెక్షనో టీబీయో వచ్చి ఉంటే ఎక్కువ. అయినా ఈ కారణాలేవీ లేనివాళ్ళు దాదాపు సగం మంది.

ఇంకో దారి కూడా ఈ మధ్య మన ఊళ్ళలో ప్రాణాల మీదికి తెస్తోంది. నెల తప్పితే డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రలు కొని ఇంట్లోనే వేసుకోవడం. ఆ మాత్రలు గర్భసంచిలో ఉన్న గర్భానికే పనిచేస్తాయి, ట్యూబులోని దాన్ని కదిలించలేవు. అవి వేసుకున్నాక రక్తం పోతుంది, పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత వచ్చే కడుపునొప్పిని, కళ్ళు తిరగడాన్ని మాత్రల వల్లే అనుకుని ఓర్చుకుంటారు. స్కాన్ చేసి గర్భం ఎక్కడుందో చూడకుండా ఆ మాత్ర ముట్టకూడదు.

వదిన మరణాన్ని ఊళ్ళో ఇప్పటికీ కడుపునొప్పితో పోయిందనే చెప్పుకుంటారు. గర్భం ఎక్కడ నిలిచినా, ఎన్ని వారాలదైనా, దానివల్ల పోయిన మనిషిది మాతృమరణమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం చెబుతుంది. ఆమె గర్భిణి కార్డు లేకుండానే పోయింది, మాతృమరణమని మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. చిన్నవాడు ఇప్పుడు రెండో తరగతి. వాళ్ళమ్మ ఎలా పోయిందని వాడు పెద్దయ్యాక అడిగితే, మేం చెప్పాల్సిన మాట కడుపునొప్పి కాదు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్ళలో ఎవరికైనా నెల తప్పినా, ఆలస్యమై తేడాగా రక్తం కనబడినా, ఆపరేషన్ అయిందన్న మాట పక్కన పెట్టి ఆ రోజే మూత్రపరీక్ష చేయించండి. రెండో గీత మసకగా వచ్చినా స్కాన్‌కు తీసుకెళ్ళండి. గీత రాకపోయినా నొప్పి, రక్తం ఆగకపోతే పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష అడగండి. ఒకపక్క కడుపునొప్పి, భుజం కొస నొప్పి, కళ్ళు తిరిగి పడటం వీటిలో ఏదైనా దానికి తోడైతే తెల్లవారేదాకా ఆగవద్దు. అది ఏ వేళైనా సరే, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో డాక్టరు అడగకపోయినా మీరే ముందు చెప్పండి: "ఆపరేషన్ అయిందండి, అయినా నెల తప్పింది."